దసరా నుంచి దీపావళి వరకు చిన్న చీరల దుకాణానికి ప్రచార క్యాలెండరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ విజయవాడ గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ వంటి చోట్ల యజమానితో పాటు ఇద్దరు ముగ్గురు పనివాళ్ళతో నడిచే చీరల దుకాణాలను దృష్టిలో పెట్టుకుని రాసినది. తేదీలన్నీ 2026 సంవత్సరానివి. లెక్కలు సులభంగా అర్థం కావడానికి ఒకే ఊహా దుకాణాన్ని మొదటి నుంచి చివరి వరకు ఉదాహరణగా తీసుకున్నాము. ఆ దుకాణం నిరుడు దసరాకు 300 బిల్లుల మీద 6 లక్షల రూపాయల అమ్మకం చేసిందనీ, నూరు రూపాయల అమ్మకంలో ముప్పై రూపాయలు మార్జిన్‌గా మిగులుతుందనీ, దాని దగ్గర 600 మంది ఖాతాదారుల ఫోన్ నంబర్లు ఉన్నాయనీ అనుకుందాం.

నిరుటి క్యాలెండరునే తేదీలు మార్చి వాడుకోవచ్చా?

వాడుకోకూడదు, ముఖ్యంగా ఈ సంవత్సరం. విజయదశమి 2024లో అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో పండుగ వెనక్కి జరిగి అక్టోబర్ 20 మంగళవారం నాడు పడింది. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి అక్టోబర్ 11 ఆదివారం, దీపావళి నవంబర్ 8 ఆదివారం.

తేదీ మారినప్పుడు దానితో పాటు ఖాతాదారుల చేతిలో డబ్బు ఉండే రోజులు కూడా మారతాయి. 2025లో నవరాత్రులు నెలాఖరులో మొదలయ్యాయి కాబట్టి ఒకటో తేదీ జీతం వచ్చేసరికి పండుగ దాదాపు అయిపోయింది. 2026లో జీతాలు, పెన్షన్లు చేతికందే అక్టోబర్ ఒకటో తేదీ మహాలయ పక్షాల మధ్యలో పడుతుంది. అంటే డబ్బు ఉంటుంది కాని, పట్టింపు ఉన్న ఇళ్ళలో కొత్త బట్ట కొనరు. దీపావళికి మాత్రం నవంబర్ జీతం వారం ముందే అంది ఉంటుంది. నిరుడు దీపావళి అక్టోబర్ 20న, నెల సగం దాటాక వచ్చింది. అందువల్ల నిరుటి దసరా, దీపావళి అమ్మకాల నిష్పత్తి ఈ ఏడాది అలాగే ఉంటుందని లెక్క వేయడం సరికాదు. దీపావళి వాటా పెరిగే అవకాశం ఉన్నందున సరుకులో, ప్రచార ఖర్చులో కొంత దానికోసం మిగుల్చుకోవాలి.

పోల్చి చూడాలంటే తేదీకి తేదీ కాకుండా తిథికి తిథి పోల్చాలి. నిరుడు పక్షాలకు ముందు వారంలో, పక్షాలలో, పాడ్యమి నుంచి దశమి వరకు, ఆ తరువాత దీపావళి వరకు ఎంతెంత అమ్మారో బిల్లు పుస్తకం నుంచి నాలుగు మొత్తాలుగా విడగొట్టి రాసుకుంటే ఈ ఏడాది క్యాలెండరుకు అదే పునాది అవుతుంది.

ప్రచారం పండుగకు ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

పండుగ రోజు నుంచి కాకుండా, దర్జీ ఆర్డర్లు ఆపేసే రోజు నుంచి వెనక్కి లెక్కించాలి. చీర కొన్న మనిషి దాన్ని పండుగ నాడు కట్టుకోవాలంటే జాకెట్టు కుట్టించుకోవాలి, ఫాల్ వేయించుకోవాలి, పీకో చేయించుకోవాలి. పండుగ దగ్గరపడే కొద్దీ మన వీధుల్లో దర్జీలు కొత్త జాకెట్లు తీసుకోవడం మానేస్తారు. ఆ తరువాత వచ్చిన ఖాతాదారు చీర బాగుందని చెబుతుంది, జాకెట్టు అందదని వదిలేస్తుంది. దుకాణదారు ధర ఎక్కువైందేమోనని అనుమానపడి తగ్గింపు ప్రకటిస్తాడు, కాని అడ్డం పడినది ధర కాదు.

కాబట్టి క్యాలెండరులో మొదట రాయవలసిన తేదీ ఇది. మీ దుకాణం చుట్టుపక్కల ఉన్న నలుగురైదుగురు దర్జీల దగ్గరికి ఆగస్టులోనే వెళ్ళి, దసరాకు ఏ రోజు వరకు జాకెట్లు తీసుకుంటారో అడిగి తెలుసుకోండి. మన ఉదాహరణలో ఆ తేదీ అక్టోబర్ 12 అని తేలిందనుకుందాం. పాడ్యమి అక్టోబర్ 11న కాబట్టి, పక్షాల పట్టింపు ఉన్న ఖాతాదారుకు చీర కొని కుట్టించుకోవడానికి మిగిలేది రెండు రోజులే. సీజను క్యాలెండరు మొత్తం ఈ ఇరుకు చుట్టూ తిరగాలి.

దీనికి దారులు మూడు. పక్షాలకు ముందే, అంటే సెప్టెంబర్ 26 లోపల, పాత ఖాతాదారులకు చీరలు చూపించి అమ్మడం మొదటిది. ఒకరిద్దరు దర్జీలతో ముందే మాట్లాడుకుని అక్టోబర్ 11 నుంచి 14 వరకు మీరు పంపే ముప్పై నలభై జాకెట్లకు చోటు పెట్టించుకోవడం రెండవది. అక్టోబర్ 15 తరువాత వచ్చేవారికి రెడీమేడ్ జాకెట్లతో జతపడే చీరలు, కట్టుకోవడానికి కాకుండా పెట్టుబడికి ఇచ్చే చీరలు ముందు వరుసలో ఉంచడం మూడవది. సందేశాలు కూడా ఈ మూడు దశలకు మూడు రకాలుగా ఉండాలి.

మరి 2026 క్యాలెండరు మొత్తం ఎలా ఉంటుంది?

ఆగస్టు మొదటి వారానికి మగ్గం చీరల ఆర్డర్లు ఇచ్చి ఉండాలి. మంగళగిరి చీర మనకు పక్క ఊరిదే అయినా, మీరు అడిగిన రంగులో, అడిగిన అంచుతో కావాలంటే మగ్గం మీద నేయాలి కదా, నేత రోజులు నేతకు పడతాయి. సూరత్ ఫ్యాన్సీ చీరలు, వన్‌టౌన్ హోల్‌సేల్‌లో దొరికే సరుకు ఆగస్టు చివర తెచ్చుకున్నా సరిపోతుంది. శ్రావణమాసం అమ్మకాలు సెప్టెంబర్ రెండో వారానికి ముగుస్తాయి. ఆ నెలలో ఏ రంగులు అడిగి లేవని వెళ్ళారో గుమస్తా చేత రాయించి ఉంచితే చివరి విడత కొనుగోలుకు అదే జాబితా అవుతుంది.

సెప్టెంబర్ 14న వినాయక చవితి. చవితి హడావిడిలో చీరల సందేశం ఎవరి కంటా పడదు, కాబట్టి మొదటి టీజర్ సెప్టెంబర్ 16న పంపాలి. 19 నుంచి 26 వరకు పాత ఖాతాదారులకు ముందస్తు చూపు. సెప్టెంబర్ 27 నుంచి అక్టోబర్ 10 వరకు పక్షాలు. ఆ రోజుల్లో కొనమని అడగకుండా ఎంపిక చేసుకునే పని చేయించాలి. డబ్బు పెట్టి వేసే ప్రకటనలు అక్టోబర్ 7 నుంచి మొదలుపెట్టాలి. 11 నుంచి 14 వరకు ప్రధాన అమ్మకం, 15 నుంచి 19 వరకు రెడీమేడ్ జాకెట్లు, పెట్టుబడి చీరలు. విజయదశమి తరువాత నాలుగు రోజులు ఎవరికీ ఏ సందేశమూ పంపకూడదు. అక్టోబర్ 25 నుంచి దీపావళి విడత, నవంబర్ 9 నుంచి నెలాఖరు వరకు అమ్మకం తరువాతి పలకరింపు.

మొదటి టీజర్‌లో ఏమి చెప్పాలి? ధర చెప్పవచ్చా?

టీజర్‌లో ఒకే ఒక చీర చూపించాలి, ఒకే ఒక తేదీ చెప్పాలి. ఇరవై ఫోటోలు ఒకేసారి పంపితే చూసేవారు మూడో ఫోటో దగ్గర ఆపేస్తారు. సందేశం ఇలా ఉండవచ్చు: "అమ్మా, నమస్కారం. దసరాకు మంగళగిరి కాటన్‌లో నిజాం అంచు చీరలు ఈసారి కొత్త రంగులలో నేయించాము. శనివారం 19వ తేదీ ఉదయం నుంచి మీలాంటి పాత ఖాతాదారులకు ముందుగా చూపిస్తున్నాము. జాకెట్టు తీరికగా కుట్టించుకోవచ్చు." ఇందులో తగ్గింపు లేదు, తొందరపెట్టడం లేదు, ముందే రావడం వల్ల ఆమెకు కలిగే మేలు మాత్రం ఉంది.

ధర విషయంలో అభిప్రాయాలు రెండు రకాలుగా ఉన్నాయి. మా అభిప్రాయం, ధర చెప్పాలి. ధర లేని ఫోటోకు "ఎంత?" అని అడిగేవారు కొందరే; అడగడానికి మొహమాటపడి ఊరుకునేవారు ఎక్కువ, పైగా అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబివ్వడానికి చిన్న దుకాణంలో మనిషి ఉండడు. "1,350 నుంచి" అని కనీస ధర రాసినా చాలు.

ఫోటో కోసం స్టూడియో అవసరం లేదు. ఉదయం పది గంటలలోపు దుకాణం గుమ్మం దగ్గర ఎండ నేరుగా పడని వెలుతురులో, తెల్లటి గోడ ముందు చీరను మడత విప్పి వేలాడదీసి ఒక ఫోటో, అంచు మీద చెయ్యి ఆనించి దగ్గరగా ఒక ఫోటో, కొంగు పరిచి ఒక ఫోటో తీస్తే సరిపోతుంది. చెయ్యి పక్కన ఉంటే అంచు ఎంత వెడల్పో చూసేవారికి అర్థమవుతుంది. ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో మెరూన్ రంగు వేరుగా కనబడుతుంది, తీరా దుకాణానికి వచ్చాక "ఫోటోలో రంగు ఇది కాదు కదా" అనే మాట వస్తుంది.

మహాలయ పక్షాలలో అసలు ప్రచారం చేయవచ్చా?

చేయవచ్చు, కాని మాట మారాలి. పితృకార్యాలు జరిగే ఇంటికి "త్వరపడండి, నేడే కొనండి" అని సందేశం వెళ్తే ఆ దుకాణానికి మర్యాద తెలియదనుకుంటారు. పట్టింపు లేని కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి కాబట్టి దుకాణం మామూలుగా తెరిచి ఉంటుంది, వచ్చినవారికి అమ్ముతారు. బయటికి వెళ్ళే సందేశం మాత్రం ఎంపికకు పరిమితం కావాలి.

ఈ రెండు వారాలకు అన్నిటికన్నా పనికివచ్చే పద్ధతి "తీసి పెట్టడం". వారానికి ఒకసారి వాట్సాప్ స్టేటస్‌లో ఆరేడు చీరలను వరుస నంబర్లతో పెట్టాలి. నచ్చినవారు నంబరు పంపితే ఆ చీరకు పేరు, ఫోన్ నంబరు, ఎప్పటిదాకా ఉంచాలో రాసిన చీటీ పిన్ను చేసి విడిగా ఒక అరలో పెట్టాలి. అడ్వాన్సు అడగకూడదు, ఎందుకంటే ఆ రోజుల్లో డబ్బు చేతులు మారడం కూడా కొనుగోలుగానే భావించేవారు ఉంటారు. గడువు అక్టోబర్ 12 రాత్రి వరకు. ఆ సంగతి మొదటే మృదువుగా చెప్పాలి. ఒక్కొక్కరికి రెండు చీరలకు మించి తీసి పెట్టకూడదు, లేకపోతే మంచి సరుకంతా అరలో బందీ అయి, దుకాణానికి వచ్చినవారికి చూపించడానికి ఏమీ మిగలదు.

ఈ అర మీకు అంచనా కూడా ఇస్తుంది. మన ఉదాహరణ దుకాణంలో అక్టోబర్ 5 నాటికి నలభై యాభై చీటీలు పడితే సీజను సరైన దారిలో ఉన్నట్టు. పదికి మించకపోతే అక్టోబర్ 7 వరకు ఆగకుండా కారణం వెతకాలి. స్టేటస్ చాలామంది చూసి ఎవరూ జవాబివ్వకపోతే చీరలో గాని ధరలో గాని తేడా ఉంది. అసలు చూసినవారే తక్కువైతే మీ నంబరు వాళ్ళ ఫోన్‌లో లేదు.

నా దగ్గర 600 నంబర్లు ఉన్నాయి, కాని వాట్సాప్ సందేశం అందరికీ వెళ్ళడం లేదు. ఎందుకు?

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఒక్కోదానికి 256 మంది వరకే చేర్చగలరు. అంతకన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది: మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికి మాత్రమే ఆ సందేశం అందుతుంది. 600 నంబర్లు మీ దగ్గర ఉండటం ఒకటి, మీ నంబరు 600 మంది దగ్గర ఉండటం మరొకటి.

దీన్ని సరిచేసే చోటు గల్లా పెట్టె. శ్రావణమాసం నుంచే బిల్లు వేసేటప్పుడు, "అమ్మా, ఫాల్ పూర్తవగానే వాట్సాప్‌లో చెబుతాము, మా నంబరుకు ఒక నమస్కారం పెట్టి దుకాణం పేరుతో సేవ్ చేసుకుంటారా?" అని అడగాలి. పని ఉన్న మాట కాబట్టి దాదాపు ఎవరూ కాదనరు. అదే సమయంలో పండుగ సందేశాలు పంపవచ్చా అని కూడా అడిగి, వద్దన్నవారి పేరు పక్కన గుర్తు పెట్టుకోవాలి. వేరెవరి దగ్గరో కొన్న నంబర్ల జాబితాకు పంపితే ఫిర్యాదులు పెరిగి మీ వాట్సాప్ నంబరే ఆగిపోవచ్చు, సీజను మధ్యలో అది కోలుకోలేని దెబ్బ.

జాబితాలను ప్రాంతాన్ని బట్టి కాకుండా అభిరుచిని బట్టి విడగొట్టండి: పట్టు కొనేవారు, కాటన్ కొనేవారు, ఫ్యాన్సీ కొనేవారు. కాటన్ తప్ప కట్టని ఉపాధ్యాయురాలికి జరీ చీరలు వరుసగా నాలుగుసార్లు పంపితే ఆమె ఐదోసారి తెరవదు. ఒక్కొక్కరికి టీజర్ నుంచి విజయదశమి వరకు ఐదు సందేశాలకు మించకుండా చూసుకోవాలి.

ఎస్ఎంఎస్ పంపడం మేలా?

వాట్సాప్ వాడని పెద్దవారు మీ ఖాతాదారుల్లో ఎక్కువగా ఉంటే మేలే. అయితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం వ్యాపార ప్రచార ఎస్ఎంఎస్‌లకు డీఎల్‌టీ అనే నమోదు వేదికలో దుకాణం పేరును, పంపేవారి పేరుగా కనబడే హెడర్‌ను, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయించుకోవాలి. సెప్టెంబర్‌లో గుర్తొచ్చి మొదలుపెడితే టీజర్ తేదీకి అందకపోవచ్చు, ఆగస్టులోనే పూర్తి చేయండి.

ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టాలి? తగ్గింపు ఎంత ఇవ్వాలి?

ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా చూస్తేనే చిన్న దుకాణాలు నష్టపోతాయి, ఎందుకంటే రెండూ ఒకే మార్జిన్‌లో నుంచి పోతాయి. మన ఉదాహరణ దుకాణానికి నిరుడు 6 లక్షల అమ్మకం మీద మార్జిన్ 1,80,000 రూపాయలు. ఈసారి బిల్లులు 300 నుంచి 375కు పెరగాలని లక్ష్యం పెట్టుకుంటే, మామూలు ధరల మీద అమ్మకం 7,50,000, మార్జిన్ 2,25,000 అవుతుంది. అంటే కష్టపడి సాధించే అదనపు మార్జిన్ 45,000. ప్రచారానికి ఇందులో మూడో వంతుకు మించి, అంటే 15,000కు మించి పెట్టకూడదని మేము చెబుతాము. అంతకన్నా ఎక్కువైతే అనుకున్నదానిలో సగమే సాధించినప్పుడు చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

ఇప్పుడు అదే దుకాణం అన్నిటి మీదా పది శాతం తగ్గింపు ప్రకటించిందనుకోండి. 375 బిల్లులూ వచ్చాయి, దుకాణం కిటకిటలాడింది, అందరూ అలిసిపోయారు. అమ్మకం 6,75,000. సరుకు కొన్న ధర 5,25,000. మార్జిన్ 1,50,000. బిల్లులు నాలుగో వంతు పెరిగాయి, మిగిలింది నిరుటికన్నా ముప్పై వేలు తక్కువ, ప్రచార ఖర్చు ఇంకా తీయనే లేదు. గల్లాలో డబ్బు కనబడుతుంది కాబట్టి ఈ సంగతి నవంబర్‌లో సరుకు బాకీలు కట్టేటప్పుడు గాని తెలియదు.

తగ్గింపుకు బదులు, 2,500 రూపాయలు దాటిన బిల్లుకు ఫాల్, పీకో ఉచితం అని ప్రకటించి చూద్దాం. ఒక్కో చీరకు మీకు 80 రూపాయలు పడుతుందనీ, అలాంటి చీరలు 150 ఉంటాయనీ అనుకుంటే ఖర్చు 12,000. దానితో పాటు ప్రచారానికి 15,000 తీసేసినా 1,98,000 మిగులుతుంది. పైగా ఈ కానుక పండుగకు చీర సిద్ధం కావాలన్న ఖాతాదారు అసలు ఇబ్బందినే తీరుస్తుంది, తయారైన చీర తీసుకోవడానికి ఆమె రెండోసారి దుకాణానికి వస్తుంది. ధర తగ్గింపును నిరుటి నుంచి కదలని చీరలకు మాత్రమే పరిమితం చేసి, వాటిని విడిగా ఒక బల్ల మీద పెట్టాలి.

రెడీమేడ్ చుడీదార్లు, లెహంగాలు కూడా అమ్మేవారు జీఎస్టీ మెట్టును గమనించాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన దుస్తుల మీద, ఒక్కోటి 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం పన్ను. పన్నుకు ముందు ధర 2,600 ఉన్న లెహంగా పన్నుతో 3,068 అవుతుంది. బిల్లులోనే వంద తగ్గించి 2,500 చేస్తే 2,625 అవుతుంది. మీరు వదులుకున్నది వంద, ఖాతాదారుకు మిగిలింది 443. ఇలాంటి చోట తగ్గింపు నిజంగా పనిచేస్తుంది. బిల్లు ఏ విధంగా రాయాలో మీ ఆడిటర్‌ను అడిగి ఖరారు చేసుకోండి.

ఆ 15,000 దేనిదేనికి వాడాలి?

మూడు వేలు ఫోటోలకు, చిన్న వీడియోలకు. రెండు వేలు దుకాణం ముందు ఫ్లెక్సీకి, చీటీలకు. ఆరు వేలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు. మిగిలిన నాలుగు వేలు దీపావళి వరకు ముట్టుకోకూడదు.

ప్రకటనను నొక్కితే నేరుగా మీ వాట్సాప్‌కు వచ్చే రకం ఎంచుకోండి, ఎందుకంటే చిన్న దుకాణానికి వెబ్‌సైటు కన్నా మాట్లాడే మనిషే బలం. ప్రాంతాన్ని విజయవాడ మొత్తానికి పెట్టకుండా దుకాణం చుట్టూ కొద్ది కిలోమీటర్ల మేరకు పరిమితం చేయండి. ప్రకటన మొదలైన కొన్ని రోజులు ఎవరికి చూపించాలో ఆ వ్యవస్థ తెలుసుకుంటూ ఉంటుంది కాబట్టి, మొదటి రోజే ఫలితం లేదని ఆపి, మార్చి, మళ్ళీ మొదలుపెడితే ప్రతిసారీ డబ్బు వృథా అవుతుంది. అక్టోబర్ 11కు సిద్ధంగా ఉండటానికి 7నే మొదలుపెట్టమన్నది ఇందుకే.

నవరాత్రుల్లో ఊళ్ళోకి జనం వస్తారు కదా, అది అమ్మకానికి మంచిదే కదా?

కొన్ని దుకాణాలకే మంచిది. ఇంద్రకీలాద్రికి వెళ్ళే దారుల్లో నవరాత్రుల రోజుల్లో వాహనాలను మళ్ళిస్తారు. అమ్మవారిని సరస్వతీదేవిగా అలంకరించే మూలా నక్షత్రం రోజున రద్దీ అన్నిటికన్నా ఎక్కువ. వన్‌టౌన్ వైపు దుకాణం ముందు నుంచి వేలమంది నడిచి వెళ్తారు, కాని పటమట నుంచి, సత్యనారాయణపురం నుంచి బండి మీద వచ్చే మీ అలవాటైన ఖాతాదారు ఆ రోజు బయలుదేరదు. నడిచి వెళ్ళే భక్తులు పట్టుచీరలు పరిపించుకుని గంటసేపు చూడరు. అమ్మవారికి సమర్పించడానికి ఒక చీర, జాకెట్టు గుడ్డ తీసుకుంటారు. కాబట్టి ఆ వైపు దుకాణాలు ఆ పది రోజులూ ఇలాంటి తక్కువ ధర చీరలను గుమ్మం దగ్గరే, ధర రాసి పెట్టాలి. అలవాటైన ఖాతాదారుల పని మాత్రం పాడ్యమి, విదియ రోజులకే ముగించాలి, లేదా చీరను ఇంటికి పంపే ఏర్పాటు చేయాలి. ట్రాఫిక్ మళ్ళింపుల ప్రకటన వెలువడగానే, ఏ దారిన వస్తే దుకాణం దగ్గర బండి నిలపవచ్చో చెప్పే సందేశం ఒకటి పంపితే, తగ్గింపు సందేశం కన్నా ఎక్కువ మందిని రప్పిస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం పండుగ వేళలను మార్చడం మరవకండి. రాత్రి పదింటి దాకా తెరిచి ఉన్న దుకాణం అక్కడ తొమ్మిదికే మూసినట్టు కనబడితే వచ్చేవారు ఆగిపోతారు.

ఏ ప్రచారం పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

బిల్లు పుస్తకంలో ప్రతి బిల్లు మూల ఒక గుర్తు రాయించండి: వాట్సాప్ చూసి వస్తే "వా", ప్రకటన చూసి వస్తే "ప్ర", తీసి పెట్టిన చీర అయితే "తీ", దారిన వెళ్తూ వస్తే "దా". గుమస్తా అడగవలసింది ఒక్క మాటే. రద్దీ వేళ ఈ పని ఆగిపోతుంది, కాబట్టి అన్ని బిల్లులకూ కాకపోయినా ఉదయం పన్నెండు లోపలి బిల్లులకు తప్పక రాయమని చెప్పండి. పోలికకు అంత చాలు. ప్రకటన చూసి వాట్సాప్‌లో అడిగినవారు చాలామంది ఉండి "ప్ర" బిల్లులు లేకపోతే లోపం ప్రకటనలో కాదు, జవాబు ఇవ్వడంలోని ఆలస్యంలో ఉంటుంది. మధ్యాహ్నం అడిగిన ధర రాత్రికి చెబితే ఈలోగా ఆమె వేరే దుకాణంలో కొనేసి ఉంటుంది.

దీపావళికి మళ్ళీ అదే ప్రచారం నడపవచ్చా?

అదే చీరలను, అవే ఫోటోలను మళ్ళీ పంపకండి. దసరాకు కొన్నవారికి దీపావళి సందేశంలో పిల్లల బట్టలు గాని, ఆడపడుచులకు పెట్టే చీరలు గాని చూపించండి. దసరాకు చీర తీసి పెట్టమని చెప్పి రాకపోయినవారు, ధర అడిగి ఊరుకున్నవారు వేరే జాబితా. ప్రకటన కోసం మిగిల్చిన నాలుగు వేలకన్నా ముందు ఈ జాబితాకు ఫోన్ చేయడం లాభదాయకం. నవంబర్ 1 ఆదివారం, జీతాలు అందే రోజులు కలిసి వస్తాయి కాబట్టి ప్రధాన సందేశం అక్టోబర్ 30 సాయంత్రం పంపాలి.

అమ్మకం అయిపోయిన తరువాత ఏమి చేయాలి?

చీర అమ్మిన మూడో రోజున మొదటి పలకరింపు: ఫాల్, పీకో పూర్తయిందనో, జాకెట్టు దర్జీకి అందిందనో చెప్పే సందేశం. ఇందులో కొత్త సరుకు ఊసు ఎత్తకూడదు. మార్పిడి గడువు మామూలు రోజుల్లో వారం అయితే, దసరా కొనుగోళ్ళకు అక్టోబర్ 31 వరకు పొడిగించి బిల్లు మీద ముద్ర వేయండి. పెట్టుబడిగా అందుకున్న చీర రంగు మార్చుకోవడానికి పండుగ తరువాత గాని ఎవరికీ కుదరదు. మార్పిడికి వచ్చేవారిని నష్టంగా చూడకండి, చీర మార్చుకోవడానికి వచ్చిన మనిషితో పాటు మీ దుకాణం ఎన్నడూ చూడని బంధువు ఒకరు వస్తారు.

నవంబర్ 9 తరువాత చేయవలసినది చేత్తో చేసే పని. 375 బిల్లులలో పెద్ద బిల్లులు అరవై వేరు చేసి, యజమాని స్వయంగా రోజుకు ఐదారుగురికి ఫోన్ చేయాలి. "పండుగకు కట్టుకున్నారా అమ్మా? జాకెట్టు సరిగ్గా కుదిరిందా? రంగు ఏమైనా దిగిందా?" అని అడిగి, చెప్పింది పుస్తకంలో రాసుకోవాలి. రంగు దిగిందన్న మాట ఒకే రకం చీర మీద ఇద్దరు చెబితే ఆ సరుకు ఇచ్చిన వ్యాపారితో వెంటనే మాట్లాడాలి, ఆలస్యమైతే వాళ్ళు వాపసు తీసుకోరు. ఇంట్లో పెళ్ళి ఉందని గాని, కార్తీకమాసంలో నోము ఉందని గాని మాటల్లో తెలిస్తే తేదీతో సహా రాసుకోండి. ఆ తేదీకి నెల ముందు వెళ్ళే ఒక్క సందేశం మొత్తం జాబితాకు పంపే పది సందేశాల కన్నా విలువైనది.

అరువు ఇచ్చినవారి జాబితా వేరు. ఆ ఫోన్లు, ఈ పలకరింపు ఫోన్లు ఎప్పుడూ కలపకూడదు. బాగున్నారా అని మొదలుపెట్టి బాకీ అడిగితే మరుసటి ఏడాది మీ ఫోన్ ఎత్తరు. బాకీ సంగతి విడిగా, సూటిగా, జీతాల తరువాతి వారంలో అడగాలి.

మిగిలిపోయిన సరుకును ఏమి చేయాలి?

నవంబర్ 15 నాటికి ప్రతి రకానికి ఎన్ని తెచ్చారు, ఎన్ని మామూలు ధరకు పోయాయి, ఎన్ని తగ్గింపుతో పోయాయి, ఎన్ని మిగిలాయి అన్న నాలుగు అంకెలు రాయండి. సగానికి మించి మిగిలిన రకాన్ని సంక్రాంతి దాకా అరలో దాచకుండా వెంటనే తగ్గింపు బల్ల మీదికి తేవాలి, ఎందుకంటే సంక్రాంతి కొనుగోలుకు డిసెంబర్‌లో మీకు నగదు కావాలి. మామూలు ధరకే పూర్తిగా అయిపోయిన రకాల విషయంలో అవి ఏ రోజుకు అయిపోయాయో కూడా రాసుకోండి. అక్టోబర్ 12కే అయిపోయిన చీర, 19న అయిపోయిన చీర ఒకటి కావు. మొదటిదాని కోసం వచ్చి లేదని వెళ్ళినవారు వారం రోజుల పాటు ఉన్నారన్నమాట, వచ్చే ఏడాది ఆగస్టు ఆర్డరులో పెంచవలసినది ఆ రకాన్నే.